కాలువలో పొగలు కక్కే నీళ్లు

ఉదయం ఏడూ నలభై. ఆసుపత్రి లాండ్రీలో కేలండర్ మెషిన్ దగ్గర ఇద్దరు మహిళలు దుప్పటి అంచులు పట్టుకుని రోలర్ల మధ్యకు నెడుతున్నారు. అటువైపు నిలబడ్డ సూపర్‌వైజర్ బయటికొచ్చిన దుప్పటిని అరచేత్తో తడిమి చూసింది. "ఇంకా చెమ్మగానే ఉంది సార్. రోజూ ఈ టైముకి ఇంతే. రెండుసార్లు తిప్పితేగానీ ఆరదు" అంటూ దుప్పటి మడత విప్పి చూపించింది. ఒక మూలన టీ ఒలికినట్టు లేత గోధుమరంగు మరక ఉంది. ఉతికిన తర్వాత పడిన మరక అది.

పక్క షెడ్డులో బాయిలర్ మీదున్న గేజి నాలుగున్నర కిలోలు చూపిస్తోంది. ఉండాల్సింది ఎనిమిది. బర్నర్ ఆగకుండా మండుతూనే ఉంది. బాయిలర్ అటెండెంటు, అరవైకి దగ్గరపడిన మనిషి, గేజి వంకా నా వంకా మార్చి మార్చి చూసి, "ఆవిరి చాలట్లేదు బాబూ. ఇది ఒక టన్ను బాయిలరు. పెద్దది కావాలని ఎప్పట్నుంచో చెబుతున్నాను" అన్నాడు.

కోస్తా జిల్లాలోని ఆ ఆసుపత్రిలో 450 పడకలున్నాయి. పాత బాయిలర్ తీసేసి గంటకు 1,500 కిలోల ఆవిరి ఇచ్చే బాయిలర్లు రెండు పెట్టాలని ప్రతిపాదన తయారైంది. ఒకటి నడవడానికి, ఒకటి అత్యవసరానికి. సంతకం పెట్టేముందు ఒకసారి చూడమని నన్ను పిలిచారు. లెక్కలకంటే ముందు నా కంట పడింది షెడ్డు వెనకాల కాలువ. డ్రయర్ల నుంచీ కేలండర్ నుంచీ వచ్చిన పైపులు అక్కడ తెరుచుకుని ఉన్నాయి. వాటి నుంచి బుసబుసమంటూ పొగ, కింద మరుగుతున్న నీళ్లు. స్వచ్ఛమైన నీళ్లు, అప్పటికే డీజిల్ ఖర్చుపెట్టి కాచిన నీళ్లు, తిన్నగా మురుగులోకి పోతున్నాయి. ఆవిరి చాలకపోవడానికీ ఈ కాలువకీ సంబంధం ఉందని అక్కడెవరికీ తోచలేదు. నిజానికి కొత్త బాయిలర్ ఎంత పెద్దది ఉండాలో సగం చెప్పింది ఆ కాలువే.

ప్రతిపాదనలోని లెక్క ఇలా సాగింది. వాషింగ్ మెషిన్లు నాలుగు, ఒక్కోటి 60 కిలోల బట్టలు పట్టేది. కంపెనీ కాగితంలో ఒక్కో మెషిన్‌కు గంటకు 180 కిలోల ఆవిరి అని రాసి ఉంది కాబట్టి నాలుగింటికీ 720. కేలండర్‌కు 160. మూడు డ్రయర్లకు తలా 90 చొప్పున 270. ఇస్త్రీ ప్రెస్సులకు 30. మొత్తం 1,180. భవిష్యత్తు కోసం పాతిక శాతం కలిపితే 1,475, అంటే ఒకటిన్నర టన్ను. కూడికలో తప్పేమీ లేదు. కాకపోతే కూడిన అంకెలు ఒక జాతివి కావు.

వాషింగ్ మెషిన్ పక్కన గడియారం పట్టుకుని నిలబడితే సంగతి తెలుస్తుంది. ఆ మెషిన్‌లో అసలు ఉతుకుకు 240 లీటర్ల నీళ్లు పడతాయి. వాటిని 28 డిగ్రీల నుంచి 75 డిగ్రీలకు తేవాలి. ఆసుపత్రి బట్టలు కాబట్టి ఈ వేడిలో రాజీ కుదరదు. 71 డిగ్రీల దగ్గర కనీసం 3 నిమిషాలు నిలపాలని బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతాయి, అమెరికావి అదే వేడి దగ్గర 25 నిమిషాలు అంటాయి. నీళ్లు, బట్టలు, స్టీలు డ్రమ్ము అన్నీ వేడెక్కడానికి దాదాపు 24 కిలోల ఆవిరి కావాలి. మెషిన్ ఆ 24 కిలోలనూ 8 నిమిషాల్లో పీల్చుకుంటుంది. గంటకు ఎంత అని ఆ వేగాన్ని కొలిస్తే 180. కానీ మిగిలిన 52 నిమిషాలూ మెషిన్ జాడిస్తుంది, పిండుతుంది, ఖాళీ చేయించుకుని మళ్లీ నింపించుకుంటుంది. ముందు ఉతుకులో గోరువెచ్చన చేయడానికి ఇంకో 6 కిలోలు వేసుకున్నా గంటలో నిజంగా తాగేది 30 కిలోలే. 180 అనేది దాహం వేసినప్పుడు గటగటా తాగే వేగం, రోజంతా తాగే నీళ్ల లెక్క కాదు.

మిగతా యంత్రాల్లో ఈ తేడా ఇంత ఉండదు. ఆ లాండ్రీకి రోజుకు 1,800 కిలోల బట్టలు వస్తాయి, పడకకు నాలుగు కిలోల లెక్క. ఎనిమిది గంటల పనిలో గంటకు 225 కిలోలు. అందులో దుప్పట్లు, గలీబులు 135 కిలోలు కేలండర్‌కు వెళ్తాయి. తువ్వాళ్లు, గౌన్లు, కంబళ్లు 90 కిలోలు డ్రయర్లకు. పిండిన తర్వాత కూడా బట్ట తన బరువులో సుమారు సగం నీటిని పట్టుకునే ఉంటుంది. ఆ నీటిని ఆవిరి చేసి పంపడమే ఈ యంత్రాల పని. కేలండర్ ఒక కిలో తడి ఆర్చడానికి సుమారు 1.6 కిలోల ఆవిరి వాడితే, వేడి గాలిని బయటికి ఊదే డ్రయర్ 2 కిలోలు వాడుతుంది. కట్టి చూస్తే సగటున కేలండర్‌కు 110, డ్రయర్లకు 100, ప్రెస్సులకు 20, వాషింగ్ మెషిన్లు నాలుగింటికీ కలిపి 120. మొత్తం 350. పైపుల్లో చల్లారిపోయేది 30 కలిపితే గంటకు 380 కిలోలు.

కాగితం మీద 1,180, వాడకంలో 380. నా లెక్క నేనే నమ్మాలంటే ఇంకో సాక్ష్యం కావాలి. ఫీడ్ పంపు లైన్‌కు నీటి మీటర్ ఉంది. రోజుకు 3,670 లీటర్లు బాయిలర్‌లోకి వెళ్తున్నట్టు చూపించింది, గంటకు 459. అందులో బ్లోడౌన్ కింద వదిలేసేది 79 దాకా ఉందని తర్వాత తేలింది. తీసేస్తే మిగిలేది 380. అటెండెంటు బాబాయ్ లాగ్‌బుక్‌లో రాసిన డీజిల్ రోజుకు 275 లీటర్లు. లీటరు డీజిల్‌కు పదకొండున్నర కిలోల ఆవిరి వస్తుందనుకుంటే అదీ ఈ అంకె దగ్గరకే చేరుతుంది. మూడు దారులూ ఒకచోట కలిశాయి.

మరి సగటు 380 అయితే టన్ను బాయిలర్ ఎందుకు చాలడం లేదు? దీనికి రెండు కారణాలున్నాయి. ఒకటి పొద్దున్నే ఏడింటికి నాలుగు వాషింగ్ మెషిన్లనూ ఒకేసారి ఆన్ చేయడం. ఏడున్నరకల్లా నాలుగూ కలిసి 720 వేగంతో లాగుతాయి. అదే సమయానికి కేలండర్, ప్రెస్సులు. మొత్తం 910. రెండో కారణం బాయిలర్ నేమ్‌ప్లేట్ మీదుంది. దాన్ని చదివినవాళ్లు చాలామంది ఆ చిన్న అక్షరాలను పట్టించుకోరు.

మన దేశంలో బాయిలర్ల సామర్థ్యాన్ని 'ఎఫ్ అండ్ ఎ 100 డిగ్రీలు' అనే లెక్కన రాస్తారు. అంటే నీళ్లు అప్పటికే 100 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకుని, ఆ నీటిని అదే వేడి దగ్గర ఆవిరిగా మార్చడానికి పట్టే వేడి మాత్రమే లెక్కించి చెప్పే అంకె అది. ఒక కిలోకు 2,257 కిలోజౌళ్లు. నిజంలో ఫీడ్ ట్యాంకులో నీళ్లు 30 డిగ్రీల దగ్గర ఉంటే వాటిని మరిగే దాకా తేవడానికి ముందుగా వేడి ఖర్చవుతుంది. ఎనిమిది కిలోల ప్రెషర్ దగ్గర ఆవిరి కావాలంటే కిలోకు సుమారు 2,650 కిలోజౌళ్లు అవుతుంది. కాబట్టి టన్ను అని రాసి ఉన్న బాయిలర్ చల్లటి నీళ్లతో ఇచ్చేది 850 కిలోలే. కావాల్సింది 910. ప్రెషర్ పడిపోక ఏం చేస్తుంది?

ప్రెషర్ పడిపోతే మూడు జరుగుతాయి. కేలండర్ పళ్లెం వేడి తగ్గుతుంది, దుప్పటి చెమ్మగా వస్తుంది. వాషింగ్ మెషిన్ 75 డిగ్రీలకు చేరడానికి 8 నిమిషాలకు బదులు పావుగంట పడుతుంది, రోజు పొడుగునా పని వెనకబడుతుంది. మూడోది ఆ మరక. బాయిలర్‌లో ప్రెషర్ హఠాత్తుగా తగ్గితే నీరంతా ఒక్కసారిగా పొంగుతుంది, పొయ్యి మీద పాలు పొంగినట్టు. పొంగిన నీటి తుంపర్లు ఆవిరితో కలిసి పైపులెక్కుతాయి. బాయిలర్ నీళ్లలోని లవణాలూ తుప్పూ వాటితో వాషింగ్ మెషిన్ దాకా వెళ్తాయి, ఆవిరిని నేరుగా ఉతికే నీళ్లలోకే వదులుతారు కనుక. అలా పడ్డ మరకకు సబ్బు మార్చినా ఫలితం ఉండదు. తెల్ల దుప్పటి మీద ఉతికాక గోధుమ మరక కనిపిస్తే ముందు వెళ్లి చూడాల్సింది బాయిలర్ గేజిని.

మొదటి కారణానికి మందు ఖర్చులేనిది. నాలుగు మెషిన్లనూ పావుగంట తేడాతో మొదలుపెట్టడమే. వేడెక్కేది 8 నిమిషాలు, ముందు ఉతుకు వెచ్చనకు ఇంకో రెండు. పావుగంటలో ఒక మెషిన్ పని పూర్తవుతుంది. ఒక సమయంలో ఒక్కటే ఆవిరి లాగుతుంది. మనుషుల జ్ఞాపకానికి వదిలేస్తే పండగ మర్నాడు బట్టల గుట్టలు పేరుకున్నప్పుడు మళ్లీ నాలుగూ కలిసి తిరుగుతాయి కాబట్టి, ఒకటి వేడెక్కుతుండగా రెండోదాని ఆవిరి వాల్వు తెరుచుకోకుండా మెషిన్ల కంట్రోల్స్‌లోనే కట్టడి పెట్టించాం. ఇప్పుడు అత్యధిక వాడకం ఎంత? ఒక వాషింగ్ మెషిన్ 180, కేలండర్ 160, మూడు డ్రయర్లూ ఒకేసారి తిరిగితే 270, ప్రెస్సులు 30. మొత్తం 640. పైపుల నష్టం 30. అంటే 670.

ఇక్కడే కాలువ సంగతి వస్తుంది. గంటకు 670 కిలోలు కావాలంటే ఎంత బాయిలర్ కొనాలి? మార్కెట్లో 750 కిలోల బాయిలర్ దొరుకుతుంది. చల్లటి నీళ్లు పోస్తే అది ఇచ్చేది 640 మాత్రమే, చాలదు. ఫీడ్ నీళ్లు 65 డిగ్రీలైతే 677 ఇస్తుంది, అంచు మీద నిలబడ్డట్టు. 85 డిగ్రీలైతే 700 ఇస్తుంది, సరిపోతుంది. అదే ఇనుము, అదే బర్నర్. పోసే నీళ్ల వేడిని బట్టి బాయిలర్ చిన్నదో పెద్దదో అవుతోంది. ఆ వేడి కోసం కొత్తగా ఏదీ కాల్చనక్కర్లేదు. కాలువలోకి పోతున్నదాన్ని వెనక్కి తెచ్చుకుంటే చాలు.

యంత్రంలో ఆవిరి తన వేడిని బట్టకు ఇచ్చేసి నీరుగా మారుతుంది. దాన్నే కండెన్సేట్ అంటారు. ఆ నీటిని మాత్రం వదిలి ఆవిరిని లోపలే ఆపే చిన్న పరికరం స్టీమ్ ట్రాప్. వాషింగ్ మెషిన్లలో ఆవిరి నేరుగా నీళ్లలో కలిసిపోతుంది కాబట్టి అక్కడ వెనక్కి తెచ్చేది ఏమీ ఉండదు. ఆ 120 కిలోలు పోయినట్టే. కేలండర్, డ్రయర్లు, ప్రెస్సుల నుంచి 230, పైపుల్లో చల్లారినది మరో 30, మొత్తం 260 కిలోల కండెన్సేట్ గంటగంటకూ పుడుతుంది.

అయితే అది 260గా చేరదు. ట్రాప్ లోపల ఏడు కిలోల ప్రెషర్ కింద ఆ నీరు 170 డిగ్రీల దగ్గర ఉంటుంది. బయటికి రాగానే ప్రెషర్ లేదు. 100 డిగ్రీలకు మించి నీరుగా ఉండలేదు. కుక్కర్ విజిల్ ఎత్తగానే ఆవిరి ఎగజిమ్మినట్టు, అందులో 13 శాతం దాకా తిరిగి ఆవిరైపోతుంది. దీన్ని ఫ్లాష్ స్టీమ్ అంటారు. గాలికి వదిలేస్తే గంటకు 33 కిలోల ఆవిరి పోయినట్టే. చిన్నాచితకా కారడాలు పోగా ట్యాంకుకు చేరే నీరు 220 కిలోలు.

ఆ 220 కిలోలను 95 డిగ్రీల దగ్గర ఫీడ్ ట్యాంకులో కలిపి, మిగతాది 30 డిగ్రీల సాఫ్ట్‌నర్ నీళ్లతో నింపితే ట్యాంకు 65 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. కండెన్సేట్ పైపును ట్యాంకు పైనుంచి ధారగా వదలకుండా, నీటి మట్టం కిందకు ముంచి చిల్లుల గొట్టం ద్వారా వదిలితే ఫ్లాష్ స్టీమ్ కూడా ఆ నీళ్లలోనే కరిగిపోతుంది. అందులో సగం దక్కినా ట్యాంకు 85 దాటుతుంది. ఆ గొట్టానికయ్యే ఖర్చు కొన్ని వేలు. ఈ మొత్తం వ్యవహారంలో పెట్టిన రూపాయికి ఇంత ఫలితమిచ్చింది ఇంకొకటి లేదు.

వేడి నీళ్లకు వాటి తిప్పలు వాటికి ఉంటాయి. మరిగే దశకు దగ్గరున్న నీటిని పంపు గట్టిగా పీలిస్తే, పంపు నోటి దగ్గరే అది ఆవిరి బుడగలుగా విడిపోతుంది. పంపులో గులకరాళ్లు వేసి తిప్పుతున్నట్టు చప్పుడొస్తుంది. కొన్నాళ్లకు ఇంపెల్లర్ చెదలు తిన్న చెక్కలా గుంటలు పడుతుంది. పాత ట్యాంకు నేలమీదే ఉండేది, 30 డిగ్రీల నీళ్లకు అది చెల్లింది. కొత్తదాన్ని పంపు కంటే మూడు మీటర్ల ఎత్తులో, ఇనుప దిమ్మ మీద, నాలుగు పక్కలా ఇన్సులేషన్ చుట్టి నిలబెట్టాం. పరిమాణం 1,000 లీటర్లు, అత్యధిక వాడకంలో గంటకు మించి సరిపోయేంత.

అటెండెంటు బాబాయ్‌కి నచ్చజెప్పడం తేలిక కాలేదు. "టన్ను బాయిలరే చాలక ఏడుస్తుంటే ముప్పావు టన్ను పెడతారా బాబూ? పొద్దున్నే ట్యాంకు చల్లగా ఉంటుంది కదా, అప్పుడేం చేస్తారు?" అన్నాడు. అది సరైన ప్రశ్న. నా లెక్కలో నేను కూడా ఆగి చూసుకోవాల్సిన చోటు అదే. పొద్దున ఆరున్నరకు కండెన్సేట్ ఉండదు, ట్యాంకు రాత్రంతా చల్లారి ఉంటుంది. బాయిలర్ ఇచ్చేది 640 మాత్రమే. అయితే ఆ గంటలో డ్రయర్లు తిరగవు. ఉతికిన బట్టలు బయటికొచ్చాక కదా డ్రయర్‌కు పని! మొదటి గంటలో వాడకం ఒక వాషింగ్ మెషిన్, కేలండర్ వేడెక్కడం, ప్రెస్సులు, అంతా కలిపి 400లోపే. ఎనిమిదింటికి డ్రయర్లు అందుకునేసరికి కేలండర్ నుంచి కండెన్సేట్ వచ్చి ట్యాంకు వేడెక్కుతూ ఉంటుంది. ఇది ఆ లాండ్రీ పని వరసను బట్టి కుదిరింది. రాత్రి ఉతికి పెట్టుకున్న బట్టలను పొద్దున్నే ఆరబెట్టే లాండ్రీలో ఇది కుదరదు. అక్కడ 850 కిలోలది తీసుకోమంటాను.

పెద్దది కొంటే పోయేదేముంది అని అడిగేవాళ్లుంటారు. పోయేది డీజిల్. గంటకు 380 వాడే చోట 1,500 కిలోల బాయిలర్ పెడితే అది పావు బరువు మీద నడుస్తుంది. రెండు మెట్ల బర్నర్ చిన్న మంట కూడా దాదాపు సగం సామర్థ్యానికి ఉంటుంది, అంతకంటే తగ్గదు. కాబట్టి మండుతుంది, ఆగుతుంది, మళ్లీ మండుతుంది. మండబోయే ప్రతిసారీ భద్రత కోసం ముందుగా ఫ్యాన్ కొలిమిలోకి చల్లగాలి ఊది మిగిలిన వాయువులను తరిమేయాలి. ఆ గాలి వేడి ట్యూబుల్లోంచి వేడిని పట్టుకుపోతుంది. గంటకు పదిసార్లు ఆగి మండే బర్నర్ కనిపిస్తే ఆ బాయిలర్ ఆ పనికి పెద్దదన్నమాటే. రెండోది ఉండాల్సిందే. బాయిలర్‌కు ఏటా తనిఖీ ఉంటుంది. 1923 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2025 బాయిలర్ల చట్టం కింద కూడా ఆ బాధ్యత తప్పదు. ఆ రోజుల్లో ఆసుపత్రికి దుప్పట్లు ఆగకూడదు. కాబట్టి 750 కిలోలవి రెండు.

ఇక బ్లోడౌన్. చారు మరిగేకొద్దీ ఉప్పెక్కినట్టు, బాయిలర్ నీళ్లు ఆవిరి అయ్యేకొద్దీ అడుగున మిగిలే నీటిలో లవణాలు చిక్కబడతాయి. ఆవిరితోపాటు లవణం పోదు. సాఫ్ట్‌నర్ పెట్టాం కదా అంటారు. సాఫ్ట్‌నర్ గారకట్టే కాల్షియాన్ని తీసి సోడియాన్ని ఇస్తుంది. కరిగిన లవణాల మొత్తం, అంటే టీడీఎస్, తగ్గదు. ఆ ఊరి బోరునీళ్లలో అది లీటరుకు 600 మిల్లీగ్రాములు. బాయిలర్ లోపల 3,500 దాటనివ్వకూడదు. దాటితే నీరు నురగలెత్తి, ముందు చెప్పిన పొంగు మొదలవుతుంది. అందుకే కొంత నీటిని వదిలేస్తూ ఉండాలి.

మొత్తం కొత్త నీళ్లే పోస్తున్నప్పుడు ఆ వదిలేసేది గంటకు 79 లీటర్లు. కండెన్సేట్ తిరిగొచ్చాక ఏమైందో చూడండి. కండెన్సేట్‌లో లవణం దాదాపు ఉండదు. కొత్త నీళ్లు 459 లీటర్ల నుంచి 193కు తగ్గాయి, లోపలికి వచ్చే లవణమే అంతమేరకు తగ్గింది. వదలాల్సిన నీరు 33 లీటర్లకు దిగింది. ఫ్లాష్ కూడా కొంత దక్కాక సుమారు 30. బ్లోడౌన్ మీద మనం చేయి వేయకముందే దాని నష్టంలో సగానికి పైగా ఆగిపోయింది.

ప్రతిపాదనలో బ్లోడౌన్ వేడిని పట్టడానికి ఒక ఫ్లాష్ వెసెల్, దాని వెనక ఒక హీట్ ఎక్స్‌ఛేంజర్ ఉన్నాయి, రెండూ 79 లీటర్ల లెక్క మీద. ఆ నీరు 175 డిగ్రీల దగ్గర బయటికొస్తుంది. 79 లీటర్లలో ఉన్న వేడి గంటకు 1.6 లీటర్ల డీజిల్‌తో సమానం. 30 లీటర్లకు వచ్చేసరికి అది 0.6. దాన్లో ఐదింట నాలుగు వంతులు దక్కినా రోజుకు నాలుగు లీటర్లు. 300 పనిదినాలకు 1,200 లీటర్లు, లీటరు 95 రూపాయల లెక్కన లక్షా పద్నాలుగు వేలు. కండెన్సేట్ తెచ్చిపెట్టిన ఆదా, బ్లోడౌన్ తగ్గడంతో కలిపి, ఏడాదికి 10,000 లీటర్ల దాకా ఉంటుంది. ఈ రెండు పనుల్లో ఏది ముందు చేయాలో ఆ అంకెలే చెబుతున్నాయి. వరస తిరగేసి, ముందు బ్లోడౌన్ పరికరాలు కొని తర్వాత కండెన్సేట్ తెచ్చుకుంటే, కొన్న పరికరం సగానికి పైగా ఖాళీగా ఉంటుంది.

ఫ్లాష్ వెసెల్ వద్దన్నాను. 30 లీటర్ల బ్లోడౌన్ నుంచి అది తీసేది గంటకు నాలుగు కిలోల ఆవిరి. గంటకు టన్నుల్లో ఆవిరి చేసే ప్లాంట్లలో దాని విలువ వేరు, ఇక్కడ దానికి పని లేదు. హీట్ ఎక్స్‌ఛేంజర్ మాత్రం చిన్నది ఉంచాం. దాని ద్వారా ఏ నీటిని కాచాలన్న దగ్గర కాసేపు వాదన నడిచింది. బట్టలు జాడించే నీటిని వెచ్చబరుద్దామని ఆసుపత్రి ఇంజినీర్ అన్నాడు. లాండ్రీలో వేడి నీళ్లకు ఎప్పుడూ గిరాకీయే కాబట్టి ఆ ఆలోచన సహజం. కానీ ఎక్స్‌ఛేంజర్ పలకల్లో ఎక్కడైనా సందు పడితే ఎనిమిది కిలోల ప్రెషర్‌లో ఉన్న బాయిలర్ నీరు, అందులోని మందులతో సహా, రోగి దుప్పటి మీదికి వెళ్తుంది. అందుకని బాయిలర్‌కే వెళ్లే కొత్త నీటిని దాని గుండా పంపాం. అక్కడ కారినా బాయిలర్ నీరు బాయిలర్‌లోకే చేరుతుంది. కొత్త నీరు 30 డిగ్రీల నుంచి 50 దాకా వెచ్చబడి ట్యాంకులో పడుతోంది. ట్యాంకుకు అక్కర్లేని మిగులు ఫ్లాష్ స్టీమ్‌ను వేరే గొట్టపు చుట్టలోంచి పంపి జాడింపు నీటికి వాడుకున్నాం. ఫ్లాష్ స్టీమ్ ప్రెషర్ దాదాపు ఏమీ ఉండదు కాబట్టి అక్కడ ఆ ప్రమాదం లేదు.

ఇది పనిచేయాలంటే బ్లోడౌన్ సన్నగా, నిలకడగా పోతూ ఉండాలి. నీటి మట్టం దగ్గరి గొట్టం నుంచి, టీడీఎస్ చూసి తనంతట తానే తెరుచుకునే వాల్వు ద్వారా. అటెండెంటు షిఫ్టుకోసారి అడుగు వాల్వు లాగి పది సెకన్లు వదిలే బ్లోడౌన్ వేరు. అది అడుగున పేరుకున్న బురదను తోయడానికి. ఆ ఉరవడిలో వేడిని పట్టడం కుదరదు, పట్టాలని చూడకూడదు, మానకూడదు కూడా. ఇంకో చిక్కు, కొత్త నీరు ఫ్లోటు దిగినప్పుడే వస్తుంది, బ్లోడౌన్ తన వేళకు తాను తెరుచుకుంటుంది. రెండూ ఒకేసారి పారకపోతే ఎక్స్‌ఛేంజర్‌లో ఒకవైపు వేడి, ఇంకోవైపు ఆగిన నీరు ఉంటాయి. కొత్త నీరు వస్తున్నప్పుడే బ్లోడౌన్ వాల్వు తెరుచుకునేలా రెంటినీ ముడిపెట్టాల్సి వచ్చింది.

ఈ ఏర్పాటు చెడితే ఎలా తెలుస్తుందో బాబాయ్‌కి మూడు గుర్తులు చెప్పాను. ఫీడ్ ట్యాంకు వెంట్ నుంచి సన్నటి పొగ వస్తే మామూలే. చేయంత లావు ఆవిరి బుసకొడుతుంటే ఎక్కడో ట్రాప్ తెరుచుకుని బిగుసుకుపోయిందని, పచ్చి ఆవిరి తిన్నగా ట్యాంకుకు వస్తోందని అర్థం. ట్యాంకు వేడిగా ఉందని సంతోషపడకూడదు. రెండోది, ట్యాంకు వేడి 85 నుంచి రోజురోజుకూ దిగిపోతుంటే ఎవరో కండెన్సేట్‌ను మళ్లీ కాలువలోకి వదిలారని. కేలండర్ ఆరడం లేదని ఫిట్టర్ వచ్చి ట్రాప్ పక్కన ఉన్న డ్రెయిన్ వాల్వు తెరిచి మరిచిపోవడం చాలా చోట్ల చూశాను. మూడోది, ఎక్స్‌ఛేంజర్ దాటిన బ్లోడౌన్ నీరు 40 డిగ్రీల దగ్గర పోవాల్సింది 60, 70కి వెళ్తే పలకల మీద గార పట్టింది, విప్పి కడగాలి.

గుర్తుకు రానిది ఇంకొకటి ఉంది, అది మెల్లగా పనిచేస్తుంది. సాఫ్ట్‌నర్ నీటిలోని బైకార్బొనేట్ బాయిలర్ వేడికి విడిపోయి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. అది ఆవిరితో వెళ్లి, కండెన్సేట్‌లో కరిగి, సోడానీళ్లలా పులుపెక్కిస్తుంది. రెండు మూడేళ్లలో కండెన్సేట్ పైపు అడుగున చాలు తీసినట్టు గాడి పడి చిల్లు తేలుతుంది. అప్పుడు కారుతున్న పైపును చూసి విసిగి కాలువలోకి మళ్లిస్తారు. ఆ ఆసుపత్రిలో పాత లైన్ కథ సరిగ్గా అదే. మొదట కట్టినప్పుడు కండెన్సేట్ వెనక్కే వచ్చేదట. చిల్లులు పడ్డాక ఎవరో కోసి వదిలేశారు. అందుకే కొత్త లైన్ స్టెయిన్‌లెస్ స్టీలుతో వేయించి, పులుపు విరిచే మందు వాడకం మొదలుపెట్టించాం. నెలకోసారి కండెన్సేట్ పీహెచ్ చూడాలి, 8కి తగ్గకుండా. ఫీడ్ నీరు వేడిగా ఉండటం ఇక్కడ ఇంకో మేలు చేస్తుంది. 30 డిగ్రీల నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్‌లో 85 దగ్గర మూడో వంతే నిలుస్తుంది, తుప్పు తగ్గుతుంది, ఆక్సిజన్ మందు ఖర్చూ తగ్గుతుంది.

కొత్త బాయిలర్ నడక మొదలైన మూడోవారం ఏడూ నలభైకి మళ్లీ వెళ్లాను. గేజి ఏడున్నర, ఏడుంపావుల మధ్య ఊగుతోంది. ఒక్కో వాషింగ్ మెషిన్ వాల్వు తెరుచుకున్నప్పుడు కాస్త దిగి మళ్లీ ఎక్కుతోంది. సూపర్‌వైజర్ దుప్పటిని చెంపకు ఆనించి చూసి మడతపెట్టింది. బాబాయ్ ట్యాంకు నిచ్చెనెక్కి థర్మామీటర్ చూసి దిగుతూ, "ఎనభై ఆరు" అని లాగ్‌బుక్‌లో రాసుకున్నాడు. ఆ గడి పాత పుస్తకంలో లేదు, స్కేలు పెట్టి తనే గీసుకున్నాడు.